హద్దుకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు

జనాభా 490 ఉన్న ఊరికీ 510 ఉన్న ఊరికీ తేడా ఎంత? నాలుగైదు కుటుంబాలు. ఒక ఇంట్లో ఇద్దరన్నదమ్ములు భార్యాబిడ్డలతో వలసపోతే ఆ తేడా సగం తగ్గిపోతుంది. పంటలు, బడి, ఆసుపత్రికి ఉన్న దూరం వంటివన్నీ రెండు ఊళ్లలో సగటున ఒకేలా ఉంటాయని అనుకోవడంలో తప్పులేదు. కానీ 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దృష్టిలో ఆ రెండూ ఒకటి కావు. పక్కా రోడ్డు లేని ఊళ్లలో ముందు 1000 జనాభా దాటినవాటికి, తర్వాత 500 దాటినవాటికి రోడ్డు వేయాలన్నది ఆ పథకం పెట్టుకున్న వరుస. కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాల్లో ఆ హద్దు 250. అంటే మైదానంలో 490 మంది ఉన్న ఊరు ఎదురుచూడాలి, 510 మంది ఉన్న ఊరికి రోడ్డు వస్తుంది.

ఆర్థికవేత్తలు ఇలాంటి హద్దుల కోసం వెతుకుతూ ఉంటారు. రోడ్డు వస్తే ఊరు బాగుపడుతుందా అన్న ప్రశ్నకు మామూలు లెక్కలతో జవాబు చెప్పడం కష్టం. రోడ్డున్న ఊళ్లను, లేని ఊళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే రోడ్డున్నవి ఎప్పుడూ మెరుగ్గానే కనిపిస్తాయి. పట్నానికి దగ్గరగా ఉండో, పలుకుబడి ఉన్న నాయకుడు ఉండో, నీళ్లున్న భూములు ఉండో వాటికి ముందుగా రోడ్డు వచ్చి ఉండవచ్చు. బాగుపడింది రోడ్డు వల్లా, రోడ్డును తెచ్చిన ఆ కారణాల వల్లా అన్నది తేలదు. హద్దు పక్కన మాత్రం ఈ చిక్కు విడిపోతుంది. 490, 510 మధ్య మిగతావన్నీ నెమ్మదిగా మారేవే. ఒక్క రోడ్డు వచ్చే అవకాశమే 500 దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి ఆ చోటే ఊరి బతుకులో కూడా ఒక గెంతు కనిపిస్తే అది రోడ్డు పని అనుకోవచ్చు. ఈ పద్ధతి పేరు రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ. 1960లో థిసిల్‌త్‌వెయిట్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ప్రతిభా పరీక్షలో కటాఫ్‌కు కాస్త పైనా, కాస్త కిందా నిలిచిన విద్యార్థులను పోల్చడానికి దీన్ని మొదట వాడారు. ఎంసెట్ కటాఫ్‌లు చూసిన మనవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. ఒక్క మార్కుతో సీటు పోయినవాడికీ, ఒక్క మార్కుతో వచ్చినవాడికీ తెలివిలో పెద్ద తేడా ఉండదని మనకు తెలుసు.

శామ్ ఆషర్, పాల్ నోవోసాద్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ పద్ధతితో గ్రామ సడక్ యోజనను పరిశీలించి, 2020లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఇలాంటి వ్యాసాల్లో చివర వచ్చే సంఖ్యను పత్రికలు పట్టుకుంటాయి. నా దృష్టిలో ఆ సంఖ్యకు ముందుండే పేజీలే అసలైనవి. పరిశోధకులు తమ హద్దును ఎలా పరీక్షించారో, హద్దుకు ఎంత దూరం వరకు ఊళ్లను లెక్కలోకి తీసుకున్నారో అక్కడే తెలుస్తుంది. ఆ పేజీలు బలహీనంగా ఉంటే చివరి సంఖ్య ఎంత ఘనంగా ఉన్నా దాన్ని నమ్మలేం.

మొదట చూడాల్సింది, హద్దు నిజంగా పనిచేసిందా అన్నది. కాగితం మీద నిబంధన ఉన్నంత మాత్రాన రోడ్లు అలాగే పడవు. చాలా రాష్ట్రాల్లో ఈ వరుస పాటించలేదు. అందుకే ఆషర్, నోవోసాద్ వరుసను పాటించిన ఆరు రాష్ట్రాలనే తీసుకున్నారు. అవి ఛత్తీస్‌గఢ్, గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా, రాజస్థాన్. అక్కడ కూడా హద్దు తలుపులా మూసుకోలేదు. దగ్గర దగ్గరగా ఉన్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించే వీలు పథకంలోనే ఉంది. పెద్ద ఊరికి వేసే రోడ్డు మీద పడ్డ చిన్న ఊరికి కూడా రోడ్డు వచ్చేస్తుంది. ఫలితంగా హద్దు దాటిన ఊరికి రోడ్డు వచ్చే అవకాశం సున్నా నుంచి నూరుకు పెరగలేదు, సుమారు 22 శాతం పాయింట్లు పెరిగింది. ఇలాంటి దాన్ని ఫజీ డిజైన్ అంటారు. వ్యాసం రాసేవాళ్లు ఈ 22ను దాచిపెట్టకుండా ముందుపేజీల్లోనే, బొమ్మతో సహా చూపించాలి. చివరి ఫలితమంతా దీని మీదే నిలబడుతుంది. ఎలా నిలబడుతుందో తర్వాత చూద్దాం.

అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ జనాభా సంఖ్య ఎవరు చెప్పింది?

500 దాటితే రోడ్డు వస్తుందని తెలిసిన తర్వాత 480 మంది ఉన్న ఊరి పెద్దలు ఏం చేస్తారు? పథకం కాగితాల్లో ఊరి జనాభా 500కు కొంచెం పైన ఉండేలా చూసుకుంటారు. అలా చేసే శక్తి అన్ని ఊళ్లకూ ఉండదు. అధికారుల దగ్గర మాట చెల్లేవాళ్లు ఉన్న ఊళ్లే చేయగలవు. అప్పుడు హద్దుకు పైన చేరినవి పలుకుబడి ఉన్న ఊళ్లు, కింద మిగిలినవి అది లేని ఊళ్లు అవుతాయి. ఏ చిక్కును తప్పించుకోవడానికి హద్దు దగ్గరికి వచ్చామో ఆ చిక్కే దొడ్డిదారిన లోపలికి వస్తుంది.

దీన్ని పట్టుకునే పరీక్షను 2008లో జస్టిన్ మెక్‌క్రేరీ అనే ఆర్థికవేత్త ప్రతిపాదించారు. ఊళ్లన్నిటినీ జనాభా క్రమంలో పెట్టి, ఏ జనాభా దగ్గర ఎన్ని ఊళ్లున్నాయో గీసి చూడాలి. ఎవరూ చేయి పెట్టకపోతే ఆ గీత 500 దగ్గర నున్నగా సాగిపోతుంది. 490ల్లో ఎన్ని ఊళ్లున్నాయో 500ల్లో కూడా దాదాపు అన్నే ఉంటాయి. హద్దుకు కాస్త కింద గుంట పడి, కాస్త పైన గుట్ట లేస్తే సంఖ్యలను ఎవరో జరిపారని అర్థం. పథకానికి పంపిన జనాభా లెక్కల్లో ఆషర్, నోవోసాద్‌లకు అలా జరిపిన గుర్తులు కనిపించాయి. అందుకని ఆ లెక్కలను పక్కన పెట్టి, 2001 జనగణనలోని జనాభాను వాడారు. జనగణన చేసినవాళ్లు రోడ్ల కోసం తలలు లెక్కపెట్టలేదు. ఆ సంఖ్యలతో గీసిన గీతలో 500 దగ్గర గానీ 1000 దగ్గర గానీ గెంతు లేదు. ఈ మార్పుకు వాళ్లు ఒక మూల్యం చెల్లించారు. పథకం వాడిన సంఖ్య ఒకటి, వీళ్లు వాడిన సంఖ్య మరొకటి కావడంతో హద్దు దగ్గర రోడ్డు అవకాశంలో వచ్చే గెంతు చిన్నదవుతుంది. నిజాయితీ ఉన్న చిన్న గెంతును, మరక పడ్డ పెద్ద గెంతు కన్నా మేలని ఎంచుకున్నారు. ఆ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం ఇదే.

సంఖ్యలను జరిపారని తేలితే పని అక్కడితో ఆగిపోతుందా అంటే, అదీ కాదు. విద్యారంగంలోని రెండు ఉదాహరణలు ఈ విషయాన్ని బాగా చూపిస్తాయి. చిలీ దేశంలో తరగతికి 45 మంది పిల్లలకు మించకూడదు. 46వ పిల్లాడు చేరితే రెండో తరగతి గది తెరవాలి. హద్దు దాటిన బడిలో తరగతులు ఒక్కసారిగా చిన్నవవుతాయి కాబట్టి, చిన్న తరగతుల్లో చదువు మెరుగుపడుతుందా అని కనుక్కోవచ్చు అనిపిస్తుంది. మిగేల్ ఉర్కియోలా, ఎరిక్ వెర్‌హూగన్ 2009లో చూపించింది ఏమిటంటే, అక్కడి ప్రైవేటు బడులు ఫీజులనూ చేర్పులనూ సర్దుకుని సరిగ్గా హద్దు దగ్గర ఆగిపోతున్నాయి. హద్దుకు అటూ ఇటూ ఉన్న పిల్లల తల్లిదండ్రుల ఆదాయం, తల్లుల చదువు కూడా ఒకేలా లేవు. కాబట్టి అక్కడ మార్కుల్లో తేడా కనిపిస్తే అది తరగతి గది ఘనతో, ఇంటి ఘనతో చెప్పలేం.

ఇజ్రాయెల్‌లో తరగతికి 40 మంది హద్దు. అక్కడి 1991 నాటి సమాచారంతో జాషువా ఆంగ్రిస్ట్, విక్టర్ లేవీ 1999లో చిన్న తరగతుల వల్ల ఐదో తరగతి పిల్లల మార్కులు పెరిగాయని చెప్పారు. 2019లో వాళ్లిద్దరూ మరో ఇద్దరితో కలిసి 2002 నుంచి 2011 వరకు ఉన్న సమాచారంతో మళ్లీ చేశారు. ఈసారి రెండు విషయాలు బయటపడ్డాయి. హద్దు దగ్గర పిల్లల సంఖ్యను సర్దుతున్నారు. తరగతి పరిమాణం ప్రభావం కనిపించడం లేదు. సర్దుబాటు వల్లే ప్రభావం మాయమైందా అని అనుమానం రావడం సహజం. అందుకని బడి చెప్పిన సంఖ్యను వదిలేసి, పుట్టిన తేదీల ప్రకారం ఆ తరగతిలో ఎంతమంది ఉండాలో తామే లెక్కగట్టి మళ్లీ చూశారు. పుట్టిన తేదీని ఏ ప్రధానోపాధ్యాయుడూ జరపలేడు. అప్పుడు కూడా ప్రభావం సున్నాయే. పిల్లల కుటుంబాల స్థితిగతుల్లోనూ హద్దు దగ్గర తేడా లేదు. అంటే సర్దుబాటు జరిగింది గానీ ఫలితాన్ని చెడగొట్టలేదు. తమ పేరు నిలబెట్టిన ఫలితాన్ని తామే మళ్లీ తూకం వేసి, నిలవలేదని అదే పద్ధతితో చెప్పడం చిన్న విషయం కాదు.

ఈ రెండు కథలకూ తేడా తెచ్చింది రెండో పరీక్ష. దాన్ని సమతుల్యత పరీక్ష అనవచ్చు. ఫలితం కోసం చూసే లెక్కనే, రోడ్డు రాకముందే స్థిరపడిపోయిన విషయాల మీద కూడా నడిపించాలి. బడి ఉందా, కరెంటు ఉందా, సాగునీరున్న భూమి ఎంత, పట్నం ఎంత దూరం, చదువురానివాళ్లు ఎంతమంది, దళితుల వాటా ఎంత? 2001లో ఉన్న ఈ విషయాల మీద తర్వాత వచ్చిన రోడ్డు ప్రభావం ఉండే వీలే లేదు. కాబట్టి హద్దు దగ్గర వీటిలో గెంతు ఉండకూడదు. ఆరు రాష్ట్రాల ఊళ్లలో అలాంటి గెంతు కనిపించలేదు. వ్యాసం రాసేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇరవై విషయాలను పరీక్షిస్తే కేవలం కాకతాళీయంగా ఒకటి తేడాగా కనిపించడం మామూలే. ఆ ఒక్కదాన్ని పట్టిక నుంచి తీసేయడం మాత్రం మామూలు విషయం కాదు. పరీక్షించినవన్నీ పట్టికలో ఉండాలి.

ఇక బ్యాండ్‌విడ్త్. హద్దుకు ఎంత దూరం వరకు ఉన్న ఊళ్లను లెక్కలోకి తీసుకోవాలన్నదే ఈ మాటకు అర్థం. 499, 501 ఉన్న ఊళ్లనే పోలిస్తే పోలిక స్వచ్ఛంగా ఉంటుంది గానీ, అలాంటి ఊళ్లు చాలా కొద్ది. ఆ కొద్దిలో ఒక్క ఊళ్లో ఆ ఏడు బోరు పడినా, మరో ఊళ్లో రోగం వచ్చినా ఫలితం తలకిందులవుతుంది. పోనీ ఎక్కువ ఊళ్లు కావాలని 100 నుంచి 900 వరకు తీసుకుంటే సంఖ్యకు నిలకడ వస్తుంది, పోలిక చెడుతుంది. 900 మంది ఉన్న ఊళ్లో కిరాణా కొట్టు, హైస్కూలు, కూలి దొరికే చోటు ఉండవచ్చు, 100 మంది గూడెంలో ఏమీ ఉండకపోవచ్చు. జనాభాతో పాటు బతుకు ఎలా మారుతుందో ఒక సరళరేఖతో పట్టుకోవాలని చూస్తాం. అంత వెడల్పులో ఆ సంబంధం వంకర తిరుగుతుంది. ఆ వంకరనే మనం హద్దు దగ్గరి గెంతు అని పొరబడతాం.

ఈ రెండు నష్టాల మధ్య ఎక్కడ ఆగాలో సమాచారమే చెప్పేలా గణితసూత్రాలున్నాయి. 2012లో ఇంబెన్స్, కల్యాణరామన్ ఇచ్చినది ఒకటి. 2014లో కలోనికో, కటానియో, టిటియూనిక్ ఇచ్చినది ఇప్పుడు ఎక్కువమంది వాడేది. గ్రామ సడక్ వ్యాసంలో వచ్చిన వెడల్పు 84. అంటే 500 హద్దుకు 416 నుంచి 584 వరకు, 1000 హద్దుకు 916 నుంచి 1084 వరకు ఉన్న ఊళ్లు లెక్కలోకి వచ్చాయి. అలా చేరినవి 11 వేలకు పైగా. వాటికి కూడా సమానమైన బరువు ఇవ్వలేదు. హద్దును ఆనుకుని ఉన్న ఊరికి ఎక్కువ బరువు, దూరం జరిగేకొద్దీ తక్కువ, 84 దగ్గరికి వచ్చేసరికి సున్నా. హద్దుకు రెండు వైపులా వేరువేరుగా ఒక్కో సరళరేఖ గీసి, అవి 500 దగ్గరికి వచ్చేసరికి వాటి మధ్య ఎంత ఎడం ఉందో చూస్తారు. ఆ ఎడమే మనం వెతుకుతున్న గెంతు.

వెడల్పును సూత్రానికి వదలడం ఎందుకంటే, అది పరిశోధకుడి చేతిలో ఉంటే 60 దగ్గర రాని ఫలితం 75 దగ్గర వస్తుందేమో చూడాలన్న కోరిక పుడుతుంది. చెడు ఉద్దేశం లేనివాళ్లకు కూడా పుడుతుంది. సూత్రం ఇచ్చిన వెడల్పుతో ప్రధాన ఫలితం చెప్పి, దానికి సగం నుంచి రెట్టింపు వరకు వెడల్పు మారుస్తూ వచ్చిన ఫలితాలన్నిటినీ ఒకే బొమ్మలో చూపించడం ఇప్పుడు మర్యాదగా స్థిరపడింది. ఆ బొమ్మ చదవడం కష్టమేమీ కాదు. వెడల్పు తగ్గేకొద్దీ అనిశ్చితి పెరగాలి, మధ్య అంచనా మాత్రం అటూ ఇటూ ఊగినా దాదాపు ఒకే చోట ఉండాలి. ఒకే ఒక్క వెడల్పు దగ్గర ఫలితం తలెత్తి, రెండు పక్కలా సున్నాలోకి కుంగిపోతుంటే నమ్మకండి. వెడల్పు పెంచేకొద్దీ అంచనా ఒకే దిశలో జారిపోతుంటే గీత వంకరను గెంతుగా చూపిస్తున్నారేమోనని అనుమానించండి.

ఇంకొక సూక్ష్మం ఉంది. సూత్రం ఎంచిన వెడల్పు పొరపాటును తగ్గిస్తుంది గానీ పూర్తిగా పోగొట్టదు. కొంచెం పక్షపాతం మిగిలే ఉంటుంది. మామూలు విశ్వాస అంతరం అది లేనట్టే నటిస్తుంది. అందుకే ఈ పనికి ఎక్కువమంది వాడే <code>rdrobust</code> ప్రోగ్రామ్ ఫలితాల్లో <code>Conventional</code> అని ఒక వరుస, <code>Robust</code> అని ఇంకొక వరుస ఇస్తుంది. మిగిలిన పక్షపాతాన్ని లెక్కలోకి తీసుకున్నది రెండోది. వ్యాసంలో అంతరం చెప్పేటప్పుడు దాన్నే చెప్పాలి. మొదటి వరుసలో ఫలితం బలంగా, రెండో వరుసలో సున్నాను తాకుతూ ఉంటే ఆ సంగతి పాఠకుడికి తెలియజేయాలి.

దగ్గరి ఊళ్లు, సరళరేఖ అనే ఈ జాగ్రత్తలు వదిలేస్తే ఏమవుతుందో చైనాలోని హువాయ్ నది అధ్యయనం చూపించింది. ఆ నదికి ఉత్తరాన చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి ప్రభుత్వం బొగ్గు ఉచితంగా ఇచ్చేది, దక్షిణాన ఇవ్వలేదు. 2013లో వచ్చిన వ్యాసం ఆ నదిని హద్దుగా తీసుకుని, ఉత్తరాన కాలుష్యం వల్ల ఆయుర్దాయం 5.5 ఏళ్లు తగ్గిందని చెప్పింది. ప్రపంచమంతా ఆ సంఖ్యను ప్రచురించారు. ఆ లెక్కలో నదికి చాలా దూరాన ఉన్న చోట్లను కూడా కలిపి, మెలికలు తిరిగే మూడో ఘాతం వక్రరేఖను గీశారు. గణాంకవేత్త ఆండ్రూ గెల్మన్ దీన్ని తప్పుబట్టారు. నదికి ఎక్కడో దూరంగా ఉన్న కొన్ని చోట్ల కోసం వంగిన రేఖ, నది దగ్గరికి వచ్చేసరికి పెద్ద గెంతును పుట్టిస్తోందని, సరళరేఖ గీస్తే ప్రభావం బాగా తగ్గిపోయి సున్నా నుంచి వేరుచేయలేనంత అవుతోందని ఆయన వాదన. బొగ్గు పొగ ఆరోగ్యానికి హాని చేయదని దీని అర్థం కాదు. 2017లో మరింత సమాచారంతో వచ్చిన అధ్యయనం నష్టం సుమారు 3 ఏళ్లని అంచనా వేసింది. గెల్మన్, ఇంబెన్స్ కలిసి ఈ పద్ధతిలో పెద్ద ఘాతాల వక్రరేఖలు వాడవద్దని ఒక వ్యాసమే రాశారు. ఇప్పుడు అలాంటి రేఖ ఉన్న బొమ్మ కనిపిస్తే అనుభవమున్న సమీక్షకులు వెంటనే ఆగి చూస్తారు.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. రోడ్డు వేసిన నాలుగేళ్ల తర్వాత, హద్దుకు కాస్త పైన ఉన్న ఊళ్లలో వ్యవసాయంలో ఉన్న కార్మికుల వాటా సుమారు 2 శాతం పాయింట్లు తక్కువగా ఉంది. ఈ 2 రోడ్డు ప్రభావం కాదు. ఎందుకంటే హద్దు దాటిన ప్రతి నూరు ఊళ్లలో అదనంగా రోడ్డు వచ్చింది 22కే. ఆ 22 ఊళ్లలో వచ్చిన మార్పే నూరు ఊళ్ల సగటులో 2గా కనిపిస్తోంది. 2ను 0.22తో భాగిస్తే సుమారు 9 వస్తుంది. అంటే రోడ్డు వచ్చిన ఊళ్లో వ్యవసాయం నుంచి 9 శాతం పాయింట్ల మంది బయటికి వెళ్లారు, ఎక్కువగా కూలి పనులకు. భాగహారం ఫలితాన్ని ఎంత పెంచిందో, దానిలోని అనిశ్చితిని కూడా అంతే, దాదాపు నాలుగున్నర రెట్లు పెంచుతుంది. అందుకే 2, 22, 9 అన్న మూడు సంఖ్యలూ, వాటి అంతరాలూ వ్యాసంలో ఉండాలి. 9 ఒక్కటే చెబితే పాఠకుడికి అది ఎంత సన్నని ఆధారం మీద ఉందో తెలియదు.

మిగతా ఫలితాలు ఆశలను తగ్గించేవే. పంట దిగుబడుల్లో, ఆదాయంలో, ఇంట్లో ఉన్న వస్తువుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఊళ్లోని చిన్న వ్యాపారాల్లో ఉపాధి కొద్దిగానే పెరిగింది. ఇలాంటి చోట మార్పు కనిపించలేదని ఊరుకోకూడదు. సమాచారం తక్కువై కనిపించలేదా, నిజంగానే లేదా అన్నది విశ్వాస అంతరమే చెబుతుంది. ఈ వ్యాసంలో ఆ అంతరం ఇరుకుగానే ఉంది. కుటుంబాల వినియోగం పదో వంతుకు మించి పెరిగిందన్న అవకాశాన్ని రచయితలు తోసిపుచ్చగలిగారు.

ఇదే లెక్కను 500 బదులు 400 దగ్గరో 600 దగ్గరో, లేదా వరుసను పాటించని రాష్ట్రాల్లోనో నడిపి చూడవచ్చు. రోడ్ల గెంతు లేని చోట ఫలితాల గెంతు కూడా ఉండకూడదు. ఉంటే, 500 దగ్గర మరేదో పథకం కూడా తన గీత గీసుకుని ఉందేమో వెతకాలి. ప్రభుత్వాలు గుండ్రని సంఖ్యలను ఇష్టపడతాయి కాబట్టి మన దేశంలో ఈ ప్రమాదం ఎక్కువ.

ఈ ఫలితం ఎవరికి వర్తిస్తుందో కూడా గీసి చెప్పాలి. ఇది 500, 1000 జనాభాల చుట్టూ ఉన్న ఊళ్ల కథ. 2001 నాటికి రోడ్డు లేకుండా మిగిలిన ఊళ్ల కథ. నాలుగేళ్ల కథ. ఐదు వేల మంది ఉన్న మండల కేంద్రానికి నాలుగు వరుసల రోడ్డు వేస్తే ఏమవుతుందో ఇది చెప్పదు. పిల్లలు ఆ రోడ్డు మీద హైస్కూలుకు వెళ్లి, చదువుకుని పెద్దయ్యాక ఏమవుతారో చెప్పడానికి నాలుగేళ్లు చాలవు. ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. అందుచేత శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో రోడ్డు పడిన ఒక గూడెం గురించి ఈ 9ని పట్టుకుని మాట్లాడాలంటే, అక్కడి పనులూ పట్నాల దూరాలూ మధ్యప్రదేశ్ ఊళ్లను పోలి ఉన్నాయని వేరే ఆధారంతో ముందు చూపించాలి.